రాత్రికి రాత్రి తగ్గిన 14 సెంటీమీటర్లు

(స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. తొమ్మిదో తరగతికి స్థానిక నీటి పొదుపు మీద మూడు వారాల ప్రాజెక్టు యూనిట్‌ను ఎలా తయారు చేసుకోవాలన్నది విషయం.)

అందరికీ నమస్కారం. భోజనానికి ముందు నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. అందుకే సిద్ధాంతం పక్కన పెట్టి, మా బడిలో రెండేళ్లు తప్పుగా చేసి మూడో ఏడు కాస్త కుదిరిన ఒక యూనిట్ గురించి చెబుతాను.

మొదటి ఏడు నేను చేసింది మీలో చాలామంది చేసిందే. ఎఫ్‌ఏలో, అంటే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, ప్రాజెక్టు పని అని ఒక సాధనం ఉంది కదా, దానికి "నీటి సంరక్షణ" అని బోర్డు మీద రాసి, వారంలో తెమ్మన్నాను. చార్టులు వచ్చాయి. కుళాయి, దాని కింద భూగోళం, భూగోళం కళ్లలోంచి కన్నీళ్లు. బొమ్మలు బాగున్నాయి, చేతిరాత బాగుంది, అందరికీ మంచి మార్కులే పడ్డాయి. చార్టు గోడకు అంటిస్తూ ఒక అబ్బాయిని ఊరికే అడిగాను, "మన బడిలో నీళ్లు ఎన్ని వృథా అవుతాయిరా?" అని. వాడు ఒక్క క్షణం ఆలోచించి "చాలా సార్" అన్నాడు. వాడి తప్పేం లేదు. నేను అడిగింది చార్టు, వాడు ఇచ్చింది చార్టు.

రెండో ఏడు తెలివి వచ్చిందనుకున్నాను. చార్టులు వద్దు, కొలవండి అన్నాను. ఆరు జట్లు చేశాను. కారే కుళాయి కింద గ్లాసు పెట్టి టైము చూడండి, రోజుకు ఎన్ని లీటర్లో లెక్క కట్టండి, ట్యాంకులో తగ్గిన నీళ్లతో పోల్చండి అని చెప్పాను. మార్కుల పట్టికలో పెద్ద వాటా దేనికి పెట్టానంటే "ఖచ్చితమైన లెక్క"కి. ఆరు జట్ల లెక్కలూ చుక్క తేడా లేకుండా కుదిరాయి. నేను సంతోషించాను కూడా. రెండు రోజుల తర్వాత నోటుపుస్తకాలు మళ్లీ తిరగేస్తుంటే అనుమానం వచ్చింది. ఒక జట్టు ఒకే కుళాయిని మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ సరిగ్గా ఆరు నిమిషాలే. ఇంకో జట్టు వారం రోజుల రీడింగులు ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో, ఒకే కూర్చోవడంలో రాసినట్టుంది. మూడో జట్టైతే రెండో శనివారం రీడింగు కూడా రాసేసింది. ఆ రోజు బడికి తాళం.

పిల్లల్ని కోప్పడటానికి నోరు తెరిచి ఆగిపోయాను. కుదిరిన లెక్కకే మార్కులని చెప్పింది నేనే. నిజం కొలతలు ఎప్పుడూ అంత అందంగా కుదరవు. నిజం రాస్తే మార్కులు తగ్గుతాయి, వండి వారిస్తే పెరుగుతాయి. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఆ మాత్రం లెక్క రాదా! నేను చెప్పిన పని ఒకటి, మార్కులు ఇచ్చింది ఇంకోదానికి. చివర్లో "నీ అనుభవం రాయి" అన్నదైతే మరీ మూడో దారి. అందరూ "ఈ ప్రాజెక్టు ద్వారా నేను నీటి విలువ తెలుసుకున్నాను" అని ఒకే వాక్యం రాశారు.

కాబట్టి మూడో ఏడు వెనక నుంచి మొదలుపెట్టాను. మూడు వారాలు అయ్యాక పిల్లవాడి చేతిలో ఏ కాగితం ఉంటే వీడికి వచ్చిందని నేను నమ్ముతాను? ముందు అది తేల్చుకున్నాను. యాజమాన్య కమిటీకి ఒక అరపేజీ లేఖ. అందులో నాలుగు విషయాలు ఉండాలి: ఎన్ని నీళ్లు పోతున్నాయి, అది మాకెలా తెలిసింది, మా లెక్కలో ఎక్కడ నమ్మకం లేదు, ఏం చేస్తే ఆగుతుంది. ఆగిందో లేదో ఎలా చూడాలో కూడా దాంట్లోనే రాయాలి. ఇంతే. మిగతా పనులన్నీ ఈ అరపేజీకి పనికొస్తేనే యూనిట్‌లో ఉంటాయి, లేకపోతే లేదు.

ఇలా పెట్టుకోగానే చాలా పనులు వాటంతటవే పక్కకు పోయాయి. అన్నిటికంటే ముందు పోయింది ఇంకుడు గుంత. ఇక్కడ కొందరు మొహాలు చిట్లించారు, నాకు కనిపిస్తోంది. ఇంకుడు గుంత మంచిదే. కానీ మూడు వారాల్లో దాని ఫలితాన్ని పిల్లలు కొలవలేరు. బోరులో నీటిమట్టం పక్క పొలంలో మోటరు ఎన్ని గంటలు ఆడిందన్న దాని మీద కూడా మారుతుంది. వాన పడాలి, ఇంకాలి, నెలలు పట్టాలి. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఇసుక లేకుండా హడావిడిగా తవ్వి వదిలేస్తే అది దోమల గుంత అవుతుంది, అది వేరే సంగతి. ముందు ఎంత, తర్వాత ఎంత అని పిల్లలు స్వయంగా చూడగలిగే నీళ్లు కావాలి నాకు.

బోర్ల మట్టం కొలిచే పని పెద్ద ఎత్తున జరిగిన చోటు మన దగ్గరే ఉంది. 2000 తర్వాతి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బోర్ల నీటిమట్టాలు, వాన లెక్కలు రాసుకుని, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ అందులో ఉన్నాయి. ఆ లెక్కల్ని ఊళ్లో గోడబోర్డుల మీద అందరికీ కనిపించేలా రాసేవారు. అంకెల్ని అందరికీ కనిపించేలా బోర్డు మీద ఉంచాలన్న ఆలోచన నేను అక్కడ నుంచే తెచ్చుకున్నాను. కానీ వాళ్లు కొలిచింది ఏళ్ల తరబడి. మనకున్నది వారానికి ఐదు పీరియడ్ల చొప్పున పదిహేను.

తర్వాత పోయింది పగటి లెక్క. బడిలో రోజుకు ఎన్ని నీళ్లు వాడతామో మొత్తం తేల్చాలని మొదట అనుకున్నాను. మోటరు ఆడుతుంటే ట్యాంకు నిండుతుంది, అదే సమయంలో పిల్లలు వాడుతుంటారు, మధ్యాహ్నం వంటకు తీసుకెళతారు. వచ్చేదీ పోయేదీ కలిసిపోయి ఏ అంకె దేనిదో తెలియదు. ప్లేట్లు కడిగే నీళ్లు కొలుద్దామని బకెట్ పట్టుకుని నిలబడితే, ఆ రోజు పిల్లలంతా బుద్ధిమంతుల్లా చెంబుడు నీళ్లతో కడిగేశారు. చూస్తున్నామని తెలిస్తే ఎవరైనా మారతారు కదా. అందుకని ప్రశ్నను ఒక్క వాక్యానికి కుదించాను: బడి మూసి ఉన్నప్పుడు, రాత్రి, మన ట్యాంకులోంచి ఎన్ని నీళ్లు పోతున్నాయి, ఎక్కడికి? రాత్రి మోటరు ఆడదు, ఎవరూ వాడరు. ట్యాంకులో మట్టం తగ్గిందంటే నీళ్లు ఎక్కడికో పోయినట్టే.

సంక్రాంతి సెలవుల తర్వాత, ఫిబ్రవరిలో పెట్టుకున్నాం. వాన రాదు. నేల ఎండి ఉంటుంది. దాని లాభం తర్వాత చెబుతాను.

మొదటి పీరియడ్‌లో కొలత లేదు. అంచనా చీటీ మాత్రమే. రాత్రికి ఎన్ని లీటర్లు పోతాయో అంకె వేసి, ఎందుకలా అనుకుంటున్నావో ఒక వాక్యం రాసి, చీటీ మడిచి కవర్లో వేయాలి. చాలామంది సున్నా అని రాశారు, కుళాయిలు కట్టేసి ఉంటాయి కాబట్టి. కొందరు ఒక బకెట్ అన్నారు. ఆ కవరు అతికించి బీరువాలో పెట్టాను. ఆ చీటీ ఎందుకన్నది కూడా తర్వాత చెబుతాను.

రెండో పీరియడ్‌లో ట్యాంకు. మా ట్యాంకు మేడ మీద కాదు, వెనక గద్దె మీద ఉంది. అయినా మూత తీసి తొంగిచూడటానికి పిల్లల్ని ఎక్కనివ్వలేదు, మీరూ ఎక్కనివ్వకండి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ఉంటుంది కదా, పారదర్శకంగా ఉండేది, దాన్ని ప్లంబర్‌తో ట్యాంకు అడుగున బిగించి నిలువుగా కట్టించాను. లోపల ఎంత మట్టం ఉంటే పైపులో అంతే. దాని పక్కన దర్జీ టేపు అతికించాం. నేల మీద నిలబడి రీడింగు తీసుకోవచ్చు. ఒక జాగ్రత్త: కన్ను మట్టానికి సమానంగా ఉండాలి, లేకపోతే అర సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది. పిల్లలు అది వాళ్లలో వాళ్లు కొట్లాడుకుని కనిపెట్టారు.

గణితం మేడమ్ తన పీరియడ్లు రెండు ఇచ్చారు. స్థూపం ఘనపరిమాణం ఎలాగూ చెప్పాలి. ట్యాంకు చుట్టూ తాడు చుట్టి వ్యాసం లెక్కేస్తే 120 సెంటీమీటర్లు తేలింది. వ్యాసార్ధం 60. అంటే మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 3.14 × 60 × 60, అంటే 11,304 ఘన సెంటీమీటర్లు, సుమారు 11.3 లీటర్లు. ఈ ఒక్క అంకెను బోర్డు మీద పెద్దగా రాసి మూడు వారాలు చెరపలేదు. ఇకపై ఎవరు ఎన్ని సెంటీమీటర్లు అన్నా నోటితోనే లీటర్లు చెప్పేస్తారు.

మొదటి రాత్రి. సాయంత్రం ఐదు గంటలకు కుళాయిలన్నీ కట్టి రీడింగు. మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు, మోటరు వేయకముందు, మళ్లీ రీడింగు. 14 సెంటీమీటర్లు తగ్గింది. 158 లీటర్లు. 15 లీటర్ల బకెట్లు పదికి పైనే. "సున్నా" రాసిన వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజు కుళాయిల దగ్గరికి వెళ్లారు. కారుతున్నవి మూడు. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండటానికి ఒకదానికి 6 నిమిషాలు, ఒకదానికి 8, ఇంకోదానికి 12. ఒక్కో కుళాయిని మూడుసార్లు కొలిచి సగటు తీసుకున్నారు. గంటకు 2 లీటర్లు, ఒకటిన్నర, ఒకటి. మొత్తం నాలుగున్నర. పదిహేనున్నర గంటలకు సుమారు 70 లీటర్లు.

ట్యాంకు చెబుతోంది 158. కుళాయిలు చెబుతున్నది 70. మిగతా 88 లీటర్లు ఏమయ్యాయి?

రెండో ఏడు పిల్లలు ఈ చోటే గ్లాసు టైమును దిద్దేశారు. ఈసారి మార్కుల పట్టిక ముందే గోడ మీద ఉంది. అందులో పది మార్కులు. నాలుగు కొలతకు, అంటే ఎలా కొలిచారు, ఎన్నిసార్లు, కొట్టివేతలతో సహా అసలు నోటుపుస్తకం చూపించారా అన్నదానికి. మూడు మార్కులు కుదరని లెక్కను ఏం చేశారన్నదానికి. మిగతా మూడు లేఖకు. "ఖచ్చితమైన లెక్క" అన్న మాటే లేదు. ఒకమ్మాయి వచ్చి "సార్, లెక్క కుదరకపోతేనే మూడు మార్కులా?" అని అడిగింది. కాదమ్మా, కుదిరినా అది ఎలా నమ్మాలో చెప్పాలి అన్నాను. ఈ ఒక్క వరుస మార్చినందుకు నోటుపుస్తకాలు ఎంత మారాయంటే, ఆరు నిమిషాలు, ఆరు నిమిషాల పది సెకన్లు, ఐదు నిమిషాల యాభై అని నిజం అంకెలు కనిపించడం మొదలైంది. అంకెలు కాస్త చెల్లాచెదరుగా ఉంటేనే నాకు ధైర్యం.

రెండో వారమంతా ఆ 88 లీటర్ల వెనకే. తరగతిలో రెండు వాదనలు లేచాయి. సాయంత్రం మైదానంలో క్రికెట్ ఆడే కుర్రాళ్లు వచ్చి వాడుకుంటున్నారని ఒకటి, భూమిలో పైపు ఎక్కడో కారుతోందని రెండు. నేను తీర్పు చెప్పలేదు. ఏది నిజమైతే మట్టం ఎలా తగ్గాలో ముందు రాయమన్నాను. క్రికెట్ వాళ్లయితే సాయంత్రం ఒక్కసారిగా తగ్గి తర్వాత మెల్లగా తగ్గాలి. పైపైతే రాత్రంతా ఒకే తీరుగా తగ్గాలి. బడి గేటు ఎదురింటి పిల్లవాడు, వాళ్ల నాన్న తోడు రాగా, ఏడు గంటలకు ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి చూశాడు. ఐదు నుంచి ఏడు వరకు దాదాపు 2 సెంటీమీటర్లు, ఏడు నుంచి ఆరు వరకు 10, ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు 2 పైచిలుకు. గంటకు సుమారు 0.9 చొప్పున, పగలనక రాత్రనక ఒకటే నడక. క్రికెట్ కుర్రాళ్లు నిర్దోషులు.

తర్వాతి రాత్రి మరుగుదొడ్ల వైపు వెళ్లే లైనుకు ఉన్న గేట్ వాల్వు కట్టేశాం. పొద్దునకు తగ్గింది 6 సెంటీమీటర్లే, అంటే 68 లీటర్లు. కారే మూడు కుళాయిలూ రెండో లైను మీదే ఉన్నాయి, వాటి లెక్క 70. కుదిరింది! ఆ పొద్దున తరగతిలో జరిగిన గోల మీకు వర్ణించలేను, పక్క గదిలోంచి తెలుగు సార్ వచ్చి చూసి వెళ్లారు.

ఇక మరుగుదొడ్ల లైను వెంట నడిచారు. ఫిబ్రవరి నెల, మైదానమంతా పసుపుపచ్చగా ఎండిపోయి ఉంది. గోడ మూల దగ్గర మాత్రం జానెడు మేర తుంగ పచ్చగా, ఒత్తుగా పెరిగి ఉంది. ఏళ్లుగా అందరం దాని పక్క నుంచే నడుస్తున్నాం. ఒక అబ్బాయి కర్రతో గుచ్చితే బురద వచ్చింది. ప్లంబర్ తవ్వితే ఎల్బో జాయింటు దగ్గర పగులు. నేల ఎండి ఉన్న నెలలో పెట్టుకోమన్నది అందుకే. వానాకాలంలో అయితే ఆ పచ్చదనం మిగతా పచ్చదనంలో కలిసిపోయేది.

మూడో వారంలో మరమ్మతు, మళ్లీ కొలత, లేఖ. వాషర్లు, ఎల్బో, ప్లంబర్ కూలి కలిపి మాకు 900 రూపాయలైంది. మరమ్మతు తర్వాతి రాత్రి 2 సెంటీమీటర్లు తగ్గింది. సున్నా కాలేదు. నాకైతే కాస్త నిరాశ కలిగింది, పిల్లలకు కలగలేదు. వాళ్లకు అలవాటైపోయింది. "ఇంకా 23 లీటర్లు ఎక్కడికో పోతున్నాయి, మాకు తెలియలేదు" అని లేఖలోనే రాశారు.

లేఖల్లో ఒక తప్పు గురించి చెప్పాలి, మీకూ ఎదురవుతుంది. ఒక జట్టు రాత్రికి ఆదా అయిన 135 లీటర్లను 365తో గుణించి "ఏడాదికి 49,275 లీటర్లు ఆదా" అని రాసింది. పెద్ద అంకె, కమిటీ వాళ్లు చప్పట్లు కొడతారు. నేను ఒకటే అడిగాను, వేసవి సెలవుల్లో మోటరు ఎవరు వేస్తారు? ట్యాంకు ఖాళీ అయ్యాక ఏం కారుతుంది? వాళ్లు వెళ్లి పనిదినాలకు మార్చుకుని వచ్చారు. ఇంకో పిల్ల దానికి ఎదురు వాదన తెచ్చింది, పగలు కూడా కారుతుంది కదా, అది మనం లెక్కలోకి తీసుకోలేదు అని. రెండూ నిజమే. చివరికి "రాత్రికి సుమారు 135, పగటిది మేం కొలవలేదు" అని రాశారు. నా దృష్టిలో ఆ వాక్యానికి పూర్తి మార్కులు.

ఇప్పుడు బీరువాలో కవరు. చివరి పీరియడ్‌లో ఎవరి చీటీ వాళ్లకు ఇచ్చాను. ఆత్మపరిశీలన అని మనం అనేది ఇదే. నువ్వు రాసిన అంకెకూ కొలిచిన అంకెకూ ఎంత తేడా, అప్పుడు నీకు ఏది కనపడలేదు? ఇదొక్కటే ప్రశ్న. "నీటి విలువ తెలుసుకున్నాను" అని రాయడానికి ఇందులో చోటు లేదు. ఒకడు రాశాడు, "నేను కుళాయిలనే చూశాను, పైపులు కూడా నీళ్లు తాగుతాయని అనుకోలేదు" అని. అంతకు ముందు రెండు వారాల చివర్లో కూడా ఒక్కో ప్రశ్న ఇచ్చాను: ఈ వారం కొలతల్లో నువ్వు నమ్మనిది ఏది, ఎందుకు? మొదటి వారం జవాబుల్లో చాలామంది గ్లాసు నిండిన క్షణం ఎవరికి వాళ్లు ఒక్కోలా చూస్తున్నారని రాశారు. దాంతో రెండో వారం గ్లాసు మీద గీత గీశాం. అంటే వాళ్లు రాసింది నా తర్వాతి పాఠాన్ని మార్చింది. అలా మార్చకపోతే దాన్ని రాయించడం దండగ.

వీటికి మార్కులు వేయాలా అని మీరు అడుగుతారు. నేను వేయను. మార్కులు పెట్టిన మరుక్షణం పిల్లలు నాకు నచ్చేది రాస్తారు.

మరి జట్టులో బకెట్ మోసిన వాడికీ లెక్క చేసిన వాడికీ ఒకే మార్కులా? ఈ ఇబ్బంది ప్రతి జట్టు పనిలోనూ ఉంది. దానికి నేను లఘు పరీక్ష వాడుకున్నాను. ఎలాగూ ఎఫ్‌ఏలో అదొక సాధనం. మా ట్యాంకు కాకుండా వేరే ట్యాంకు ఇచ్చాను: వ్యాసం ఒక మీటరు, రాత్రికి 10 సెంటీమీటర్లు తగ్గింది, కారే కుళాయిల లెక్క 40 లీటర్లు. ఎన్ని లీటర్లు ఎక్కడికి పోయాయో తెలియడం లేదు, తెలుసుకోవడానికి నువ్వు మొదట చేసే పని ఏది? పోయిన మొత్తం 78.5 లీటర్లు, కాబట్టి తేలనిది 38.5. అంకె చాలామందికి వచ్చింది. రెండో భాగంలోనే తేడా తెలిసింది. "మధ్యలో ఇంకో రీడింగు తీసుకుంటాను" అనో "ఒక లైను కట్టేసి చూస్తాను" అనో రాసినవాడు పనిలో ఉన్నాడు. "నీటిని పొదుపు చేయాలని చెబుతాను" అని రాసినవాడు బకెట్ మోశాడు. అలాంటివాళ్లు నా తరగతిలో ఏడుగురు తేలారు. వాళ్లకు తర్వాతి వారం విడిగా లెవెల్ పైపు దగ్గరే మళ్లీ చెప్పాను.

(సభలోంచి ఒక ఉపాధ్యాయురాలు: మా బడిలో ట్యాంకే లేదు సార్, చేతిపంపు ఉంది. మేమేం చేయాలి?)

మంచి ప్రశ్న మేడమ్. చేతిపంపు దగ్గర రాత్రి కారుడు ఉండదు, కాబట్టి నా ప్రశ్న మీకు పనికిరాదు, బలవంతంగా తగిలించకండి. మీ దగ్గర బిందె నింపేటప్పుడు పక్కకు పోయే నీళ్లు ఉంటాయి. గట్టు మీద పడి కాలువలోకి వెళ్లేవి. కాలువ చివర తొట్టి పెట్టి, వంద కొట్లకు ఎన్ని లీటర్లు బిందెలోకి, ఎన్ని తొట్టిలోకి అని పట్టవచ్చు. చుక్క పక్కకు పోకుండా పట్టి వంద కొట్లకు పంపు ఎంత ఇస్తుందో ముందే చూసుకుంటే, రెండూ కలిపి ఆ మొత్తం రావాలి. రాదు. గట్టు పగుళ్లలో కొంత పోతుంది. మీ 88 లీటర్లు అక్కడ దొరుకుతాయి. చూస్తుంటే పిల్లలు జాగ్రత్తగా పడతారన్న ఇబ్బంది మీకుంటుంది, అందుకే తొట్టిని నాలుగైదు రోజులు ఊరికే అక్కడ ఉంచి, అలవాటయ్యాక కొలవండి.

(మరొకరు: సిలబస్ వెనకబడదా సార్?)

వెనకబడింది. అబద్ధం ఎందుకు. నాకు నాలుగు పీరియడ్లు వెనకబడింది. మేడమ్ స్థూపం పాఠాన్ని ట్యాంకు దగ్గరే పూర్తి చేశారు కాబట్టి ఆవిడకు కలిసొచ్చింది, నాకు పీడనం పాఠంలో లెవెల్ పైపు కాస్త పనికొచ్చింది. మిగతాది మార్చిలో పరుగెత్తాను.

టైము అయిపోయిందని హెచ్.ఎం. గారు సైగ చేస్తున్నారు. ఈ బడి ట్యాంకు వంటగది వెనక ఉంది, పొద్దున వస్తూ చూశాను. గద్దె కింద నేల తడిగా ఉంది. లెవెల్ పైపు, టేపు నా సంచిలో ఉన్నాయి, ప్లంబర్‌ను రెండు గంటలకు రమ్మన్నాను. భోజనాలయ్యాక నలుగురైదుగురు అక్కడికి రండి, ముందుగా అందరూ ఒక చీటీ మీద అంకె రాసి జేబులో పెట్టుకుని రండి.